పిల్లల్ని బిగినర్ బ్యాచ్‌కి మార్చమని బ్యాడ్మింటన్ అకాడమీకి లేఖ రాయడం: గమనించడం నుంచి జవాబు వచ్చాక చేయాల్సిన పనుల దాకా

మీకు క్లబ్‌లో సభ్యత్వం ఉంది. ఆ క్లబ్ కోర్టుల్లోనే నడిచే అకాడమీలో పాపను చేర్పించారు. వయసు చూసో, ఆ సమయానికి ఖాళీ ఉందనో ఇంటర్మీడియట్ బ్యాచ్‌లో వేశారు. కొన్నాళ్లకు పాప అందుకోలేకపోతోందని అర్థమైంది. బిగినర్ బ్యాచ్‌కి మార్చమని ఎలా అడగాలి, ఏం రాస్తే వింటారు, కోచ్ నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి అని అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు.

కోచ్ కోర్టు పక్కన పది నిమిషాలు నిలబడి చూస్తే తేలిపోయే సంగతులే ఈ లేఖలో ఉండాలని నా గట్టి నమ్మకం. “పాప ఇబ్బంది పడుతోంది” అని రాస్తే ఆయన చూడ్డానికి ఏమీ ఉండదు. “తల మీది నుంచి కొట్టే ప్రతి షాట్‌కీ పెనం కాడ పట్టుకున్నట్టు రాకెట్ పట్టుకుంటోంది” అని రాస్తే ఆయన ఆ సాయంత్రమే చూస్తారు.

ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణతో వెళ్దాం. తొమ్మిదేళ్ల అమ్మాయి, కుడిచేతి వాటం, వారానికి నాలుగు రోజుల ఇంటర్మీడియట్ బ్యాచ్, చేరి మూడు నెలలైంది. ఆమె తల్లి క్లబ్ సభ్యురాలు.

## 1. ముందు, సమస్య బ్యాచ్‌దేనా అని తేల్చుకోండి

బ్యాచ్ మార్చినంత మాత్రాన తీరని సమస్యలు కొన్ని ఉన్నాయి. వాటికోసం ఈ లేఖ రాస్తే పాప బ్యాచ్ మారుతుంది కానీ ఇబ్బంది అలాగే ఉంటుంది.

నొప్పి ఉందేమో ముందు చూడండి. ఎదిగే వయసు పిల్లల్లో మోకాలి చిప్ప కింద, మడమ వెనక నొప్పి వస్తుంటుంది. నెట్ దగ్గరికి పెద్ద అడుగు వేసినప్పుడో, గెంతి దిగినప్పుడో అది ఎక్కువవుతుంది. అలాంటిదేమైనా ఉంటే డాక్టర్‌కి చూపించాలి. బిగినర్ బ్యాచ్‌లోనూ ఆ అడుగులు, ఆ గెంతులు ఉంటాయి కాబట్టి అక్కడికి మార్చడం వైద్యం కాదు.

తర్వాత రాకెట్. ఇది చాలామందికి తట్టదు. పెద్దవాళ్ల రాకెట్ నిబంధనల ప్రకారం 68 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. దాని పిడి మీద ఇంకో రెండు పొరల గ్రిప్ టేప్ చుట్టి చిన్నచేతికిస్తే, వేళ్లతో పట్టుకోవడం కుదరక పిడికిలి బిగిస్తారు. పిడికిలి బిగించాక మణికట్టు, ముంజేయి తిరగవు. ఆ టేప్ తీసేసి లేదా సన్నటి పిడి ఉన్న పొట్టి రాకెట్ ఇచ్చి రెండు వారాలు చూడండి. గ్రిప్ దానంతటదే సర్దుకుంటే లేఖ రాసే పనే ఉండకపోవచ్చు.

సమయం కుదరకపోవడం, స్నేహితురాలు వేరే బ్యాచ్‌లో ఉండటం, ఒక కోచ్ గట్టిగా అరవడం, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. కానీ వాటిని “స్థాయి సరిపోవడం లేదు” అనే మాట కింద దాచి రాయొద్దు. కోచ్ పాప ఆట చూసి “బాగానే ఆడుతోందే” అంటే మీ దగ్గర జవాబు ఉండదు. అసలు కారణం ఏదో అదే రాయండి.

## 2. నాలుగైదు సెషన్లు కూర్చుని చూడండి

ఒక్కరోజు చూసి రాయొద్దు. ఆ రోజు పాప అలసిపోయి ఉండొచ్చు. వరుసగా నాలుగైదు సెషన్లు, కోర్టు వెనకవైపు ఓ మూల నుంచి చూడండి. చూసింది ఆ రోజే చిన్న పుస్తకంలో తేదీతో రాసిపెట్టుకోండి. గమనించాల్సినవి నాలుగే.

గ్రిప్. ఫోర్‌హ్యాండ్ గ్రిప్ అంటే ఎదుటివాళ్లకు చెయ్యి కలిపినట్టు పిడిని పట్టుకోవడం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి సన్నటి అంచు మీదికి వస్తుంది. తప్పు గ్రిప్‌లో రాకెట్ ముఖం నేరుగా నెట్‌వైపు చూస్తూ ఉంటుంది, సందు పిడి వెడల్పాటి వైపు మీద ఉంటుంది. నెట్ దగ్గర షటిల్‌ని కిందికి కొట్టేయడానికి ఈ పట్టు కొన్నిసార్లు పనికొస్తుంది. వెనక నుంచి తల మీదుగా కొట్టాలంటే మాత్రం కుదరదు. ముంజేయి లోపలికి తిరిగితేనే షటిల్‌కి వేగం వస్తుంది, ఈ పట్టులో ఆ తిరుగుడుకు చోటే ఉండదు. అందుకే పిల్లలు మోచేతితో షటిల్‌ని ముందుకు తోస్తారు.

క్లియర్. వెనక నుంచి అవతలివైపు వెనక గీత దాకా ఎత్తుగా కొట్టే షాట్ ఇది. నెట్ నుంచి వెనక గీతకు 6.7 మీటర్లు. పాప కొట్టిన షటిల్ ఎక్కడ పడుతోందో చూడండి, కానీ అక్కడితో ఆగొద్దు. తొమ్మిదేళ్ల పిల్లలు చాలామంది వెనక గీత దాకా కొట్టలేరు, అది బలం విషయం. శరీరం పక్కకు తిప్పి, మోచెయ్యి పైకెత్తి, తలకు కాస్త ముందు ఎత్తులో షటిల్‌ని అందుకుంటూ కోర్టు మధ్యలోనే పడేస్తోందంటే కంగారు లేదు, వయసుతో పాటు దూరం వస్తుంది. ఛాతీ నెట్‌వైపు పెట్టి, మోచెయ్యి కిందే ఉంచి, షటిల్ తల దాటి వెనక్కి వెళ్లాక కొడుతోందంటే అది పద్ధతి లోపం. ఈ రెంటికీ తేడా తెలుసుకుని రాస్తే మీ మాటకు కోచ్ దగ్గర విలువ పెరుగుతుంది.

కాళ్లు. ఎదుటివాళ్లు షటిల్ కొట్టే క్షణంలో రెండు పాదాల మీదా చిన్నగా ఎగిరి దిగి సిద్ధమవ్వాలి. దీన్నే స్ప్లిట్ స్టెప్ అంటారు. నెట్ దగ్గరికి వెళ్లినప్పుడు కుడిచేతి వాటం పిల్లలకు చివరి పెద్ద అడుగు కుడికాలిది కావాలి, మడమ ముందు ఆనాలి. కొట్టాక మళ్లీ మధ్యకు రావాలి. పాప ఎడమకాలు ముందుకేసి ఆగిపోతోందా, కొట్టిన చోటే నిలబడి షటిల్ ఎక్కడికి పోయిందో చూస్తోందా అన్నది గమనించండి.

సర్వీస్, ర్యాలీ. షార్ట్ సర్వీస్ గీత నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో ఉంటుంది. పది సర్వీసులు వేస్తే ఆ గీత దాటి సరైన గళ్లలో ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టండి. ఎదుటివాళ్లు నెమ్మదిగా చేతికి అందేలా కొడుతుంటే ర్యాలీ ఎన్ని షాట్లు నడుస్తోందో అదీ లెక్కపెట్టండి.

మ్యాచ్‌లో గెలుపోటములు, పరుగులో ఎవరికంటే వెనకబడింది, పక్కపిల్ల ఎంత బాగా ఆడుతోంది అన్నవి రాసుకోవద్దు. ఇంటర్మీడియట్ బ్యాచ్‌లో చివరి స్థానంలో ఉన్నంత మాత్రాన బిగినర్ కాదు.

మన ఉదాహరణలోని తల్లి పుస్తకంలో ఇలా ఉంది: పది సర్వీసుల్లో మూడు నాలుగు సరిగ్గా పడుతున్నాయి. నెమ్మది ర్యాలీ మూడు షాట్లు దాటడం లేదు. నెట్ దగ్గర చివరి అడుగు ఎడమకాలితో వేస్తోంది. ఓవర్‌హెడ్ షాట్లన్నిటికీ తప్పు గ్రిప్పే. కోచ్ వచ్చి వేళ్లు సరిచేస్తే రెండు మూడు షటిళ్లు సరిగ్గా కొడుతోంది. ఫీడింగ్ వేగం పెరగ్గానే మళ్లీ పాత పట్టుకే వెళ్తోంది.

ఈ చివరి వాక్యమే లేఖకు ప్రాణం. ఒకరు వరుసగా షటిళ్లు విసురుతుంటే పిల్లలు పరుగెత్తి కొట్టే ఫీడింగ్ ఇంటర్మీడియట్ బ్యాచ్‌లో ఎక్కువ. అక్కడ షటిల్ అందడమే పిల్లలకు ముఖ్యం అయిపోతుంది, ఎలా పట్టుకున్నామన్నది గుర్తుండదు. తప్పు పట్టుతోనైనా అందుతుంటే దానికే అలవాటు పడతారు. ఇలా రోజుకు వంద షటిళ్లు కొడితే ఆ తప్పు వందసార్లు గట్టిపడుతుంది. బిగినర్ బ్యాచ్ అడగడానికి నిజమైన కారణం ఇదే.

## 3. పాపతో, ఆ తర్వాత కోచ్‌తో మాట్లాడండి

లేఖ వెళ్లాక పాపకు తెలియడం మంచిది కాదు. పిల్లల దృష్టిలో బ్యాచ్ మారడమంటే కిందికి దింపేయడమే. ముందే కూర్చోబెట్టి అడగండి. “ఏ ఆట నచ్చట్లేదురా, ఏది కష్టంగా ఉంది?” అంటే పిల్లలు చెప్తారు. “నిన్ను చిన్నపిల్లల బ్యాచ్‌లో వేయనా?” అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు ఏ పాప అయినా వద్దనే అంటుంది.

మన ఉదాహరణలో తల్లి ఇలా అంది: “గ్రిప్ సరిగ్గా పట్టుకోవడం నెమ్మదిగా నేర్పించే బ్యాచ్ ఒకటుంది నాన్నా. రెండు నెలలు అక్కడ నేర్చుకుని మళ్లీ సార్‌కి చూపిద్దామా?” పాప అడిగింది ఒక్కటే: “నా వయసు పిల్లలు ఉంటారా?” ఆ ప్రశ్న కూడా లేఖలోకి వెళ్లింది. బిగినర్ బ్యాచ్‌లో అందరూ ఆరేడేళ్ల వాళ్లయితే తొమ్మిదేళ్ల పాప పొడుగ్గా విడిగా కనపడుతుంది, వారంలోపే రానంటుంది.

తర్వాత కోచ్‌ని కలవండి. సెషన్ మధ్యలో కాదు, మిగతా తల్లిదండ్రుల ముందు కాదు. అయ్యాక రెండు నిమిషాలు అడగండి: “సార్, పాప గ్రిప్ గురించి నాకు సందేహం ఉంది. మీరు ఒకసారి చూసి చెప్తారా? అవసరమైతే బిగినర్ బ్యాచ్ గురించి లేఖ ఇద్దామనుకుంటున్నాను.” ఇలా చెప్పాక లేఖ వస్తే తన మీద ఫిర్యాదు వచ్చిందని ఆయన అనుకోరు. చాలాసార్లు ఆయనే ఏ బ్యాచ్‌లో చోటుందో చెప్పేస్తారు.

వీడియో తీయాలనుకుంటే అనుమతి అడగండి. ఫ్రేములో ఇతర పిల్లలు పడతారు. పాప పక్కవైపు నుంచి నిమిషం వీడియో చాలు, గ్రిప్ కనపడితే అంతే.

## 4. లేఖ ఎవరికి, ఏ వివరాలతో

క్లబ్ వేరు, అకాడమీ వేరు. చాలాచోట్ల క్లబ్ కోర్టులు ఇస్తుంది, శిక్షణ అకాడమీ చూసుకుంటుంది. సభ్యత్వం వల్ల మీకు కోర్టు వాడుకునే హక్కు, కొన్నిచోట్ల ఫీజులో తగ్గింపు ఉంటాయి. ఏ పాప ఏ బ్యాచ్‌లో ఉండాలన్నది మాత్రం కోచ్ నిర్ణయం. కాబట్టి లేఖ అకాడమీ హెడ్ కోచ్‌కి రాయండి, దాని కాపీ ఒకటి అకాడమీ ఆఫీసుకి ఇవ్వండి. క్లబ్ కార్యదర్శికి మొదటే కాపీ పెట్టొద్దు. పెడితే అది ఒత్తిడిలా కనపడుతుంది, జవాబు ఆలస్యమవుతుంది. సభ్యత్వానికి, ఫీజుకు సంబంధించిన లెక్క ఏదైనా క్లబ్ ఆఫీసే చూడాల్సి వస్తే అప్పుడు వాళ్లకు విడిగా చెప్పండి.

రాయడానికి కూర్చునే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- మీ సభ్యత్వ సంఖ్య, పాప ప్రవేశ సంఖ్య
- ఇప్పటి బ్యాచ్ పేరు, రోజులు, సమయం, చేరిన తేదీ
- ఫీజు ఏ తేదీ దాకా కట్టారు
- మీకు కుదిరే బిగినర్ బ్యాచ్ ఏది, కుదరకపోతే రెండోది ఏది
- అకాడమీ పాపను ఏదైనా టోర్నమెంట్‌కి నమోదు చేసిందా
- మీరు రాసుకున్న పరిశీలనలు

టోర్నమెంట్ సంగతి మర్చిపోవద్దు. ఎంట్రీ వెళ్లిపోయి ఉంటే, ఆడించాలా వద్దా అన్నది కోచ్‌నే అడగండి. మీరు చెప్పకుండా పాప రాకపోతే డబుల్స్ జోడీగా ఉన్న ఇంకో పాప నష్టపోతుంది.

## 5. లేఖలో ఏది ముందు, ఏది తర్వాత

ఒక పేజీ దాటనివ్వొద్దు. అకాడమీ ఆఫీసులో రోజుకు ఇలాంటి కాగితాలు చాలా వస్తాయి, కింద దాకా చదవకపోవచ్చు. అందుకని వరుస ముఖ్యం.

విషయం పంక్తిలోనే ఏ బ్యాచ్ నుంచి ఏ బ్యాచ్‌కో తెలిసిపోవాలి. మొదటి పేరాలో పాప ఎవరో, ఇప్పుడెక్కడుందో రెండు వాక్యాల్లో చెప్పాలి. రెండో పేరాలో గమనించినవి మూడు చాలు. నాలుగోది రాయాలనిపించినా ఆగండి. అన్నీ రాస్తే పాపకు ఏమీ రాదన్నట్టు ఉంటుంది, కోచ్‌కి ఏది ముఖ్యమో తెలియదు.

మూడో పేరా అభ్యర్థన. ఒక్కటే అడగాలి, తేదీతో అడగాలి. చోటు లేకపోతే ఏం చేయొచ్చో ఒక ప్రత్యామ్నాయం చాలు. నాలుగో పేరాలో మళ్లీ పరీక్షించే తేదీ అడగండి. పేరా చిన్నదే అయినా చాలామంది దీన్ని వదిలేస్తారు. తేదీ లేకుండా కిందికి వెళ్లిన పిల్లలు ఎవరికీ గుర్తులేక అక్కడే ఉండిపోతారు. గ్రిప్ మారి చేతికి అలవాటు కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వడం సబబు.

ఫీజు ప్రస్తావన చివర్లో, ఒక్క వాక్యంలో ఉండాలి. పైన పెడితే మీరు డబ్బు కోసమే మార్చమంటున్నారని అనుకునే వీలుంది.

## 6. నమూనా లేఖ

చుక్కలున్న చోట మీ వివరాలు రాసుకోండి. పరిశీలనలు మాత్రం నకలు చేయొద్దు, మీరు చూసినవే రాయండి.

> తేదీ: ........
>
> హెడ్ కోచ్ గారికి,
> ........ బ్యాడ్మింటన్ అకాడమీ
>
> విషయం: ఇంటర్మీడియట్ సాయంత్రం బ్యాచ్ నుంచి బిగినర్ బ్యాచ్‌కి మా అమ్మాయిని మార్చమని అభ్యర్థన (ప్రవేశ సంఖ్య ........)
>
> నమస్కారమండీ.
>
> నేను క్లబ్ సభ్యురాలిని, సభ్యత్వ సంఖ్య ........ . మా అమ్మాయి ........, వయసు తొమ్మిదేళ్లు, మూడు నెలలుగా మీ దగ్గర వారానికి నాలుగు రోజుల ఇంటర్మీడియట్ బ్యాచ్‌లో నేర్చుకుంటోంది.
>
> గత ఐదు సెషన్లు నేను కూర్చుని చూశాను. ఓవర్‌హెడ్ షాట్లకు రాకెట్ ముఖం నేరుగా నెట్‌వైపు పెట్టి పట్టుకుంటోంది. కోచ్ గారు సరిచేస్తే రెండు మూడు షటిళ్లు సరిగ్గా కొడుతోంది, ఫీడింగ్ వేగం పెరగ్గానే మళ్లీ పాత గ్రిప్‌కే వెళ్తోంది. నెట్ దగ్గర చివరి అడుగు ఎడమకాలితో వేస్తోంది. నెమ్మది ర్యాలీ మూడు షాట్లకు మించి నడవడం లేదు. వేగంలో ఆ గ్రిప్పే అలవాటైపోతుందేమోనని నా భయం. ఈ విషయం ........ తేదీన కోచ్ గారితో మాట్లాడాను. మీరు ఒకసారి చూసి, నేను అనుకున్నది సరైనదో కాదో చెప్పగలరు.
>
> మీకూ అలాగే అనిపిస్తే, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మంగళ, గురు, శనివారాల బిగినర్ బ్యాచ్‌కి మార్చవలసిందిగా కోరుతున్నాను. తన వయసు పిల్లలున్న బ్యాచ్ అయితే పాప త్వరగా కలిసిపోతుంది. అక్కడ చోటు లేకపోతే, చోటు వచ్చేదాకా ఇప్పటి బ్యాచ్‌లోనే మొదటి అరగంట విడిగా గ్రిప్, నెమ్మది ఫీడింగ్ చేయించే వీలుందేమో చూడగలరు.
>
> మారిన ఎనిమిది వారాల తర్వాత గ్రిప్, చివరి అడుగు, ర్యాలీ ఈ మూడూ చూసి, ఏ బ్యాచ్‌లో ఉండాలో మీరే నిర్ణయించగలరు. పాపతో మాట్లాడాను, తను ఒప్పుకుంది.
>
> ఈ నెలాఖరు దాకా ఫీజు కట్టి ఉంది. తేడా ఏదైనా ఉంటే తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> ........ (సంతకం)
> ఫోన్: ........

“మీరు ఒకసారి చూసి” అన్న వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు. నిర్ణయాన్ని అది కోచ్ చేతిలో పెడుతుంది. మీరు గమనించిన విషయాలు చెప్పారు, తేల్చేది ఆయన. ఇలా రాసిన లేఖను కాదనాలంటే ఆయన పాప ఆట చూసి కాదనాలి, అంటే ఎలాగైనా మీ పాప ఆటను శ్రద్ధగా చూసినట్టే.

## 7. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని దిద్దే తీరు

కోచ్ మీద నేరం మోపడం. “మీ బ్యాచ్‌లో ఎవరూ పట్టించుకోవడం లేదు” అని రాస్తే చదివేవారు తమను సమర్థించుకోవడంలో పడతారు. “బ్యాచ్‌లో పదహారు మంది ఉన్నప్పుడు పాప వంతు వచ్చేసరికి గ్రిప్ సరిచేసే సమయం ఉండటం లేదు” అంటే అదే మాట, లెక్కతో. లెక్క నిజమైనదే రాయండి.

ఇంకో పాపతో పోల్చడం. పేరు పెట్టి “ఆ అమ్మాయి ముందుకు వెళ్లింది, మా అమ్మాయి వెనకబడింది” అని రాయొద్దు. ఆ కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటుంది. పాప మొదటి నెలలో ఎలా కొట్టేది, ఇప్పుడెలా కొడుతోంది అన్నదే పోలిక.

పాపను తక్కువ చేయడం. “మా అమ్మాయికి ఆటంటే భయం, చురుకుదనం లేదు” అన్న మాటలు పాప మీద ముద్ర వేస్తాయి. కొత్త కోచ్ ఆ కాగితం చదివాకే పాపను చూస్తారు. చేతినీ కాలినీ గురించి రాయండి, స్వభావం గురించి వద్దు.

సభ్యత్వాన్ని బరువుగా వాడటం. “పదేళ్లుగా సభ్యులం, మా మాట వినాలి” అన్న ధోరణి చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. సంఖ్య రాస్తే చాలు, దాని వల్ల వచ్చే సౌకర్యం ఏదైనా ఉంటే ఆఫీసే చూసుకుంటుంది.

మెత్తగా రాసి ఏమీ అడగకపోవడం. “వీలుంటే ఏదైనా చేయగలరు” అంటే ఆఫీసులో ఎవరికీ ఏం చేయాలో తెలియదు. బ్యాచ్, రోజులు, తేదీ ఉండాలి. కఠినమైన మాటల కంటే ఈ మెత్తదనం వల్లే ఎక్కువ లేఖలు ఫైల్లో ఉండిపోతాయి.

కోచింగ్ పాఠం చెప్పడం. గమనించింది రాయండి, ఏ డ్రిల్ చేయించాలో రాయొద్దు. నమూనాలో గ్రిప్, నెమ్మది ఫీడింగ్ కోసం అరగంట అడిగాం, అందులో ఏ డ్రిల్ చేయించాలో ఆయనే చూసుకుంటారు.

## 8. పంపించే ముందు, పంపించాక

పంపే ముందు ఒక్కసారి సరిచూసుకోండి:

- విషయం పంక్తిలో రెండు బ్యాచ్‌ల పేర్లూ ఉన్నాయా?
- మూడు పరిశీలనలూ కోర్టులో చూసి నిర్ధారించుకోగలిగినవేనా?
- అడిగిన తేదీ, రోజులు స్పష్టంగా ఉన్నాయా?
- మళ్లీ పరీక్షించే గడువు ఉందా?
- వేరే పిల్లల పేర్లు ఎక్కడైనా పడ్డాయా?
- పాప ఈ లేఖ చదివితే బాధపడే మాట ఏదైనా ఉందా?

నెల ముగియడానికి కనీసం పదిరోజుల ముందు ఇవ్వండి. కొత్త నెల బ్యాచ్ జాబితాలు చాలా అకాడమీల్లో నెలాఖరుకే తయారవుతాయి. కాగితం ఇస్తే మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. మెయిల్ పంపితే ఆఫీసులో ఒక మాట చెప్పి ఉంచండి. వారంలో జవాబు రాకపోతే కొత్త లేఖ రాయకుండా, పాత లేఖ తేదీ చెప్పి ఆఫీసులో అడగండి.

జవాబు మూడు రకాలుగా రావచ్చు.

సరేనంటే మొదటి రోజు మీరు వెళ్లి కొత్త కోచ్‌కి పాపను పరిచయం చేయండి. ఎనిమిది వారాల తర్వాతి తేదీని అప్పుడే ఆయనతో కలిసి రాసుకోండి. మొదటి రెండు వారాలు పాప ఆట ఇంకా పాడైనట్టు కనిపిస్తుంది. కొత్త గ్రిప్‌తో షటిల్ రాకెట్ అంచుకు తగులుతుంది, కొన్ని అసలు తగలవు. పాత గ్రిప్ పోతోందనడానికి ఇదే గుర్తు. అది చూసి కంగారుపడి మళ్లీ పాత బ్యాచ్‌కి పంపమని అడగొద్దు. ఇంట్లో ఆడించేటప్పుడు నెమ్మదిగా చేత్తో విసరండి, వేగం పెంచొద్దు.

చోటు లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు ఏ వరుసలో ఉందో అడిగి రాసుకోండి. ఆ మధ్యకాలంలో అరగంట విడి ఏర్పాటు కుదిరిందో లేదో చూడండి. అదీ కుదరకపోతే వారానికి నాలుగు రోజులు వేగమైన ఫీడింగ్‌లోనే ఉంచడం కంటే రెండు రోజులకు తగ్గించి, మిగతా రెండు రోజులు క్లబ్ కోర్టులో మీరే నెమ్మదిగా ఆడించడం మంచిదని నా అభిప్రాయం. సభ్యత్వం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఈ మార్పు కోచ్‌కి చెప్పే చేయండి.

అవసరం లేదంటే ఎందుకో అడగండి. “తను దూరం కొట్టలేకపోవడం బలం వల్ల, పద్ధతి సరిగ్గానే ఉంది” అని ఆయన చూపించి చెప్తే ఒప్పుకోవాలి, మీకంటే ఎక్కువ పిల్లల్ని చూసినవారు ఆయన. చూడకుండానే కాదన్నారనిపిస్తే ఇంకో లేఖ అక్కర్లేదు. సెషన్ అయ్యాక పాపతో పది ఓవర్‌హెడ్ షాట్లు మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా కొట్టించి చూడమని అడగండి. నెమ్మదిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న గ్రిప్ వేగం పెరగ్గానే మారిపోతే ఆయనకే కనిపిస్తుంది. వేగంలోనూ మారకపోతే మీరు గమనించిన తర్వాత పాప మెరుగుపడిందన్నమాట, లేఖ వెనక్కి తీసుకోండి.